పాల ఖాతాతో మార్కోవ్ చైన్: దీర్ఘకాలంలో ఎవరి వాటా ఎంతో తేల్చే పద్ధతి

డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకున్న పిల్లలు, ఎంబీఏలో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివేవాళ్లు మార్కోవ్ చైన్ గురించి నన్ను అడిగేది దాదాపు ఒకటే. "సార్, మాత్రిక ఇస్తే గుణించేస్తాం. అసలు అది ఎక్కడి నుంచి వస్తుంది? చివర్లో ఏ సమీకరణం వదిలెయ్యాలి?" ఈ రెండు ప్రశ్నలకూ ఒకే ఉదాహరణ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను. గళ్ల కాగితం, మామూలు కాలిక్యులేటర్ ఉంటే చాలు.

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు నేను పాలు తెచ్చుకునే ఒక కిరాణం ఉంది. పొద్దున అయిదున్నరకల్లా పాల ట్రేలు దిగుతాయి. రెండు డెయిరీల ప్యాకెట్లు వస్తాయి, ఒకదాని రంగు నీలం, ఇంకోదానిది పచ్చ. పక్క ఊరి నుంచి క్యాన్‌లో బర్రె పాలు కూడా వస్తాయి, వాటిని లీటరు కొలతతో పోస్తారు. దుకాణం అన్న దగ్గర పొడుగాటి ఖాతా పుస్తకం ఉంటుంది. ఇంటికొక అడ్డు గీత, నెలకొక గడి. గడిలో న, ప, బ అని ఒక్క అక్షరం రాసుకుంటాడు. మనకు కావలసిన డేటా మొత్తం ఆ మూడు అక్షరాల్లోనే ఉంది.

ఒకరోజు ఆయన అడిగాడు: "సార్, పచ్చ ప్యాకెట్లు రెండు నెలల సంది తగ్గుతున్నయ్. ఆర్డర్ తగ్గియ్యాల్నా?" ఈ లెక్కంతా ఆ ప్రశ్న కోసమే. కింద వాడినవి మాత్రం ఆయన ఖాతాలోని అంకెలు కావు, చేత్తో చేసుకోవడానికి తేలిగ్గా ఉండేలా నేను సర్దిన అంకెలు.

## 1. ముందుగా స్థితులు తేల్చుకోండి

మార్కోవ్ చైన్‌లో ఒక్కో ఇల్లు ఒక్కో నెలలో ఏదో ఒక స్థితిలో ఉంటుంది. మన స్థితులు మూడు: నీలం, పచ్చ, బర్రె. వచ్చే నెల ఏ స్థితికి వెళ్తుందనే అవకాశం ఈ నెల స్థితి మీదే ఆధారపడుతుందని, అంతకు ముందు నెలల సంగతి దానికి అక్కర్లేదని ఒప్పుకుని మొదలుపెడతాం. ఆ ఒప్పందం నిజమో కాదో ఏడో భాగంలో పరీక్షిద్దాం.

స్థితుల దగ్గరే చాలామంది తొందరపడతారు. రెండు రకాల పాలూ తీసుకునే ఇల్లు ఉంటే ఏం చేస్తారు? ఒక ఇంటిని రెండు చోట్ల రాస్తే మొత్తం చెడిపోతుంది. నెలలో ఎక్కువ లీటర్లు ఏవి తీసుకుంటే ఆ స్థితి అని ముందే నియమం పెట్టుకోండి. మధ్యలో ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు కొద్దిమందే అయితే లెక్కలోంచి తీసేయొచ్చు. ఎక్కువమంది ఉంటే "వెళ్లిపోయారు" అని నాలుగో స్థితి పెట్టాలి.

లెక్క మొదలయ్యే ముందు ఇవి చూసుకోండి:

- ప్రతి ఇల్లూ ప్రతి నెలా సరిగ్గా ఒక్క స్థితిలో ఉందా?
- రెండు నెలల్లోనూ ఉన్నవి అవే ఇళ్లా?
- ఒక స్థితి నుంచి తర్వాతి స్థితికి వేసే మెట్టు ఎంత కాలానిదో తేల్చుకున్నారా? మనది ఒక నెల. ఒకసారి నెల అనుకున్నాక మధ్యలో వారానికి మార్చకూడదు.

## 2. ఇల్లిల్లూ జతగా లెక్కపెట్టండి

పోయిన నెల మొత్తాలు, ఈ నెల మొత్తాలు తెలిసినంత మాత్రాన మాత్రిక రాదు. నీలం 80 నుంచి 77కి వచ్చిందంటే ముగ్గురు వెళ్లారని కాదు. పదహారు మంది వెళ్లి పదముగ్గురు వచ్చి ఉండొచ్చు. అందుకే ఒక్కో ఇంటి గీత మీద వేలు పెట్టి, పోయిన నెల అక్షరం, ఈ నెల అక్షరం కలిపి జతగా చదవాలి: న–న, న–ప, ప–బ... ఒక్కో జతకు ఒక్కో గీత కొట్టుకుంటూ పోవాలి.

160 ఇళ్లకు అలా కొట్టిన గీతలు ఇలా వచ్చాయనుకుందాం:

```
పోయిన నెల      ఈ నెల
              నీలం  పచ్చ  బర్రె   మొత్తం
నీలం            64     8     8      80
పచ్చ            10    35     5      50
బర్రె             3     6    21      30
మొత్తం          77    49    34     160
```

అడ్డు వరుసల మొత్తాలు పోయిన నెలవి, నిలువు వరుసల మొత్తాలు ఈ నెలవి. రెండు వైపులా 160 రావాలి. రాకపోతే ఏదో ఇల్లు రెండుసార్లు పడినట్టో, జారిపోయినట్టో.

## 3. అడ్డు వరుస మొత్తంతోనే భాగించండి

ఇప్పుడు ప్రతి అంకెనూ దాని అడ్డు వరుస మొత్తంతో భాగించండి. నీలం వరుసను 80తో, పచ్చను 50తో, బర్రెను 30తో.

```
          నీలం  పచ్చ  బర్రె
నీలం       0.8   0.1   0.1
పచ్చ       0.2   0.7   0.1
బర్రె       0.1   0.2   0.7
```

దీన్నే ట్రాన్సిషన్ మాత్రిక అంటారు, P అని రాస్తాం. రెండో వరుసను ఇలా చదవండి: ఈ నెల పచ్చ తీసుకున్న ఇల్లు వచ్చే నెల నీలానికి మారే అవకాశం 0.2, పచ్చలోనే ఉండే అవకాశం 0.7, బర్రె పాలకు వెళ్లే అవకాశం 0.1. ప్రతి అడ్డు వరుస మొత్తం 1 రావాలి. నిలువు వరుసలు 1 రావాల్సిన పని లేదు. ఇక్కడ నీలం నిలువు వరుస మొత్తం 1.1.

ఇక్కడ జరిగే తప్పు, నిలువు వరుస మొత్తంతో భాగించడం. 64ను 77తో భాగిస్తే "ఈ నెల నీలం తీసుకున్నవాళ్లలో ఎంతమంది పాతవాళ్లు" అనే దానికి జవాబు వస్తుంది. మనకు కావలసింది "పాతవాళ్లలో ఎంతమంది నిలిచారు" అన్నది. కొన్ని పుస్తకాల్లో మాత్రికను తిప్పి, నిలువు వరుస మొత్తం 1 వచ్చేలా రాస్తారు. అదీ సరైనదే, కానీ అప్పుడు గుణకారం కూడా తిరుగుతుంది. పరీక్షలో ప్రశ్నలోని మాత్రిక చూడగానే ఏ వైపు కూడితే 1 వస్తుందో చూసుకుని, తర్వాతే పెన్ను పెట్టండి.

## 4. ఒక్కో నెల ముందుకు నడిపించండి

ఈ నెల 77, 49, 34 ఉన్నాయి. వచ్చే నెల నీలం ఎంత? నీలం నిలువు వరుస పట్టుకుని కిందికి రండి:

```
77×0.8 + 49×0.2 + 34×0.1 = 61.6 + 9.8 + 3.4 = 74.8
```

అలాగే పచ్చకు 48.8, బర్రెకు 36.4. కలిపితే 160. ఇళ్లల్లో దశాంశాలేమిటని కంగారు పడకండి, ఇది సగటున రావలసిన సంఖ్య. మధ్యలో రౌండ్ చేయొద్దు, తప్పు నెలనెలా పేరుకుంటుంది.

ఇలాగే నడిపిస్తే:

```
నెల    నీలం     పచ్చ     బర్రె
0      80       50       30
1      77       49       34
2      74.8     48.8     36.4
3      73.24    48.92    37.84
4      72.16    49.14    38.70
```

పచ్చ వరుసను కాస్త ఆగి చూడండి. 50 నుంచి 49, తర్వాత 48.8, అక్కడి నుంచి మళ్లీ పైకి. మొదటి రెండు నెలలు చూసిన దుకాణదారు పచ్చ పడిపోతోందనే అనుకుంటాడు. కానీ బర్రె పాలకు వెళ్లే ఇళ్లు పెరిగేకొద్దీ, అక్కడి నుంచి పచ్చకు వచ్చేవాళ్లూ పెరుగుతారు, ఎందుకంటే బర్రె వరుసలో పచ్చ వైపు 0.2 ఉంది. ఆ రాక మొదటి నెలల్లో కనిపించదు. ఈ మాత్రిక ఇలాగే ఉంటే ఆర్డర్ తగ్గించాల్సిన అవసరం లేదు.

రెండు నెలల అవకాశం కావాలంటే P ను Pతో గుణించాలి. ఒక్కో గడిని వర్గం చేస్తే సరిపోదు. ఈ నెల నీలంలో ఉన్న ఇల్లు రెండు నెలల తర్వాత నీలంలో ఉండే అవకాశం 0.8×0.8 = 0.64 అని చాలామంది రాస్తారు. అది రెండు నెలలూ కదలకుండా ఉన్నవాళ్ల లెక్క మాత్రమే. పచ్చకు వెళ్లి తిరిగొచ్చినవాళ్లు 0.1×0.2, బర్రెకు వెళ్లి తిరిగొచ్చినవాళ్లు 0.1×0.1. మూడూ కలిపితే 0.67.

కంప్యూటర్ ఉంటే ఏడాది లెక్క ఆరు లైన్లలో అయిపోతుంది:

```python
import numpy as np
P = np.array([[.8,.1,.1],[.2,.7,.1],[.1,.2,.7]])
x = np.array([80,50,30])
for m in range(1, 13):
    x = x @ P
    print(m, x.round(2))
```

`x @ P` అని రాయాలి. `P @ x` అని రాస్తే ఎర్రర్ రాదు, ఏవో అంకెలు వస్తాయి, కానీ మొత్తం 160 ఉండదు. తప్పును పట్టుకునే దారి ఆ మొత్తమే.

## 5. దీర్ఘకాల వాటాలు చేత్తో తేల్చండి

నెలలు గడిచేకొద్దీ అంకెలు ఒకచోట కుదురుకుంటాయి. కుదురుకోవడం అంటే ఒక మెట్టు ముందుకు వేసినా వాటాలు మారకపోవడం. దాన్నే సమీకరణాలుగా రాయాలి. వాటాలు n, p, b అనుకుంటే:

```
n = 0.8n + 0.2p + 0.1b
p = 0.1n + 0.7p + 0.2b
b = 0.1n + 0.1p + 0.7b
n + p + b = 1
```

గుణకాలు నిలువు వరుసల నుంచి వచ్చాయని గమనించండి. అడ్డు వరుసల నుంచి తీసి రాస్తే n = p = b అనే జవాబు వస్తుంది. మూడు వాటాలూ సమానంగా, ఒక్కొక్కటి 1/3 వచ్చాయంటే ముందు ఈ తప్పునే అనుమానించండి.

ఇక ఏది వదిలెయ్యాలనే ప్రశ్న. మొదటి మూడింటిలో ఏదో ఒకటి వదిలెయ్యాలి, నాలుగోది ఎప్పుడూ వదలకూడదు. మొదటి మూడింటిని కూడి చూడండి: రెండు వైపులా n + p + b వస్తుంది. అంటే రెండు నిజమైతే మూడోది దానంతట అదే నిజమవుతుంది, కొత్తగా ఏమీ చెప్పదు. నాలుగోది లేకుండా మూడింటితోనే కుస్తీ పడితే చివరికి 0 = 0 మిగులుతుంది. అది చూసి లెక్క తప్పిందేమో అని టెన్షన్ పడి మొత్తం కొట్టేసేవాళ్లను పరీక్ష హాల్లో చూశాను. లెక్క తప్పలేదు, నాలుగో సమీకరణం వాడలేదంతే.

తేలికైన సమీకరణంతో మొదలుపెట్టండి. ఇక్కడ అది b:

```
0.3b = 0.1(n + p) = 0.1(1 − b)
0.4b = 0.1
b = 0.25
```

ఇప్పుడు p సమీకరణంలో b = 0.25, n = 0.75 − p పెట్టండి:

```
0.3p = 0.1(0.75 − p) + 0.05
0.4p = 0.125
p = 0.3125
n = 0.4375
```

వదిలేసిన n సమీకరణం ఇక్కడ పనికొస్తుంది, తనిఖీకి. 0.8×0.4375 + 0.2×0.3125 + 0.1×0.25 = 0.35 + 0.0625 + 0.025 = 0.4375. సరిపోయింది. 160 ఇళ్లకు మార్చితే నీలం 70, పచ్చ 50, బర్రె 40.

మొదట్లో 80, 50, 30 కాకుండా 10, 10, 140 తో మొదలుపెట్టినా చేరేది ఇక్కడికే. సమీకరణాల్లో మొదటి నెల అంకెలు ఎక్కడా లేవు, చూడండి.

## 6. వచ్చిన జవాబును రాకపోకలతో సరిచూడండి

దీర్ఘకాల వాటా అంటే అందరూ ఎక్కడివాళ్లక్కడ స్థిరపడ్డారని అర్థం చేసుకుంటారు. అది తప్పు. 70, 50, 40 దగ్గర ఒక నెలలో ఏం జరుగుతుందో లెక్కపెట్టండి:

- నీలం నుంచి వెళ్లేవి 14. వచ్చేవి పచ్చ నుంచి 10, బర్రె నుంచి 4.
- పచ్చ నుంచి వెళ్లేవి 15. వచ్చేవి నీలం నుంచి 7, బర్రె నుంచి 8.
- బర్రె నుంచి వెళ్లేవి 12. వచ్చేవి నీలం నుంచి 7, పచ్చ నుంచి 5.

నెలకు 41 ఇళ్లు మారుతూనే ఉన్నాయి, మొత్తాలు మాత్రం కదలడం లేదు. మీ జవాబులో ఏ ఒక్క స్థితికైనా రాకకూ పోకకూ తేడా వస్తే జవాబు తప్పే. దశాంశాల్లో గుణించి చూడటం కంటే నాకు ఈ తనిఖీయే నచ్చుతుంది, ఎక్కడ పొరపాటు జరిగిందో కూడా చెబుతుంది.

కుదురుకోవడానికి ఎంతకాలం పడుతుంది? బర్రె గడిలో 40కి ఎంత తక్కువ ఉందో చూడండి: 10, 6, 3.6, 2.16... ప్రతి నెలా మిగిలిన తేడాలో 0.6 వంతే నిలుస్తోంది. పది నెలలయ్యేసరికి మూడు వాటాలూ అసలు అంకెలకు అర ఇల్లు కూడా తేడా లేనంత దగ్గరికి వస్తాయి. అందుకే ఇక్కడ దీర్ఘకాలం అంటే సుమారు ఏడాది. ఇంకో మాత్రికలో అది అయిదేళ్లు కావొచ్చు. ఒక్కసారైనా నెలనెలా నడిపించి చూస్తేగాని ఆ సంగతి తెలియదు.

## 7. లెక్క ఎక్కడ మోసం చేస్తుంది

తిరిగిరాని స్థితి. బర్రె పాలకు వెళ్లినవాళ్లు ఎవరూ ప్యాకెట్‌కు తిరిగి రారనుకోండి. అప్పుడు బర్రె వరుస 0, 0, 1 అవుతుంది. ప్యాకెట్ తీసుకునే ఇళ్లు నెలకు పదో వంతు చొప్పున తగ్గి, దీర్ఘకాలంలో 160 ఇళ్లూ బర్రె పాలకే చేరతాయి. మాత్రికలో వికర్ణం మీద 1 కనిపిస్తే ముందు ఇదే చూడండి. డేటాలో తిరిగొచ్చినవాళ్లు నిజంగా లేరా, లేక రెండే నెలలు చూసినందువల్ల కనబడలేదా అని కూడా అడగండి.

ఊగే చైన్. ఒక స్థితి నుంచి తప్పనిసరిగా రెండోదానికి, అక్కడి నుంచి తప్పనిసరిగా మొదటిదానికి మారే మాత్రిక తీసుకోండి: 0, 1 ఒక వరుస, 1, 0 రెండో వరుస. సమీకరణాలు సగం సగం అంటాయి. నడిపిస్తే మాత్రం 100–0, 0–100 అని ఊగుతూనే ఉంటుంది, ఎప్పటికీ కుదురుకోదు. సగం అన్నది చాలా నెలల సగటు, ఏదో ఒక నెల వాటా కాదు. మన మాత్రికలో ప్రతి గడీ సున్నా కంటే పెద్దది, కాబట్టి ఈ రెండు గొడవలూ లేవు. P లో సున్నాలున్నా, దాన్ని కొన్నిసార్లు గుణించాక అన్ని గడులూ సున్నా కంటే పెద్దవైతే చాలు.

జ్ఞాపకం. మొదట్లో చేసుకున్న ఒప్పందాన్ని ఇప్పుడు పరీక్షించాలి. దీనికి మూడు నెలల గడులు కావాలి. ఈ నెల నీలంలో ఉన్న 77 ఇళ్లలో 64 పాతవి, 13 కొత్తగా వచ్చినవి. వచ్చే నెల 64లో 54 నిలిచి, 13లో 7 మాత్రమే నిలిచాయనుకోండి. ఒకటి 0.84, ఇంకోటి 0.54. అంటే ఇంతకు ముందు నెల సంగతి కూడా పని చేస్తోంది. అప్పుడు నీలాన్ని "పాత నీలం", "కొత్త నీలం" అని రెండు స్థితులుగా విడగొట్టి మళ్లీ మాత్రిక కట్టాలి. అయితే 13 ఇళ్లు చాలా తక్కువ. ఇంకో మూడు నాలుగు నెలల జతలు కలిపి చూశాకే నిర్ణయించండి.

తక్కువ డేటా. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఇదే. బర్రె వరుసలో ఉన్నవి 30 ఇళ్లే. వాటిలో నిలిచినవి 21 కాకుండా 20 అనుకోండి, ఒక్క ఇంటివాళ్లు మనసు మార్చుకున్నారు. 0.7 కాస్తా 0.667 అవుతుంది. పై సమీకరణం మళ్లీ చేస్తే b = 0.1 ÷ 0.4333, అంటే సుమారు 0.231. 40 ఇళ్లు కాస్తా దాదాపు 37 అయ్యాయి. ఒక్క ఇంటికి మూడు ఇళ్ల తేడా! అందుకే దీర్ఘకాల వాటాను నాలుగు దశాంశాల దాకా రాసి నిజమని నమ్మొద్దు. ప్రతి వరుసలో ఒక ఇంటిని అటూ ఇటూ మార్చి, జవాబు ఎంత కదులుతుందో చూసి, ఆ మేర పక్కన రాయండి.

## 8. ఎండాకాలానికి వేరే మాత్రిక

ఇంతసేపూ P నెలనెలా మారదని అనుకున్నాం. మన దగ్గర పాల విషయంలో అది ఏడాదంతా నిజం కాదు. ఏప్రిల్, మే ఎండలకు బర్రెలు పాలు తక్కువ ఇస్తాయి, క్యాన్ సగమే వస్తుంది. బర్రె పాలు కావాలనుకున్నవాళ్లు కూడా దొరక్క ప్యాకెట్‌కు మారతారు. అప్పుడు బర్రె వరుసలో 0.7 అలాగే ఉంటుందనుకోవడం కుదరదు. చలికాలం జతలనూ, ఎండాకాలం జతలనూ కలిపి ఒకే మాత్రిక కడితే అది రెండు కాలాలకూ సరిపోదు.

కాబట్టి ఖాతా పుస్తకంలో నెలల గడులను రెండు గుంపులుగా విడదీయండి. మార్చి నుంచి మే వరకు జతలకు ఒక పట్టిక, మిగతా నెలలకు ఇంకోటి. ముందుకు నడిపించేటప్పుడు ఏ నెలకు ఆ మాత్రికతో గుణించండి. అలాంటప్పుడు ఒక్క దీర్ఘకాల వాటా ఉండదు, ఏడాదికొకసారి తిరిగొచ్చే వాటాల వరుస ఉంటుంది. జూన్ నుంచి మొదలుపెట్టి మళ్లీ జూన్ దాకా గుణించి, రెండు జూన్‌లూ ఒకేలా వచ్చేవరకు నడిపించాలి.

నేను దుకాణం అన్నకు కూడా ఇదే చెప్పాను: ఫిబ్రవరి దాకా పచ్చ ట్రేలు తగ్గించకు, మార్చి మొదలవగానే అక్షరాలు కొత్త పేజీలో రాయి.